ఎముకను చూసి ఆడవారిదని ఎలా చెబుతారు? అదే ఎముక కాన్పు గురించి ఎంతవరకు చెబుతుంది?

ప్రశ్న: "మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పాడుబడిన బావిలో దొరికిన ఎముకలు ఆడమనిషివని డాక్టర్లు తేల్చారట, నడుము కింది ఎముకను బట్టి చెప్పారంటున్నారు. అదెలా తెలుస్తుంది? మా చెల్లికి ఏడో నెల. ఆమె ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. ఎముక చిన్నది కాబట్టి ఆపరేషన్ తప్పదని చుట్టాలు భయపెడుతున్నారు. ఇదీ అదీ ఒకే ఎముకేనా?"

ఒకే ఎముకేనమ్మా. నేను కర్నూలులో వైద్యం చదివి, మొదట ప్రసూతి వార్డులో, తర్వాత చాలా ఏళ్లు ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగంలో పనిచేశాను. గర్భిణిని పరీక్షించేటప్పుడు వేళ్లతో తడిమి చూసే చోట్లనే మార్చురీ బల్ల మీద ఎండిన ఎముకలో కళ్లతో చూస్తాం. అయితే ఈ రెండు పనుల్లోనూ ఎముక చెప్పే మాటకు ఒకే బలం లేదు. ఆడా మగా అన్న ప్రశ్నకు అది దాదాపు నిక్కచ్చిగా జవాబిస్తుంది. కాన్పు ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. మీ చుట్టాలు ఈ తేడాను పట్టించుకోకుండా మాట్లాడుతున్నారు.

నడుము కింద ఎముకలు వలయంలా ఉంటాయి, దాన్నే కటి వలయం అంటాం. ఈ వలయం మూడు పెద్ద ఎముకలతో తయారవుతుంది. అటూ ఇటూ రెండు తుంటి ఎముకలు, వెనక వాటి మధ్యలో త్రికాస్థి. త్రికాస్థి చివర చిన్న తోక ఎముక వేలాడుతుంది. ముందువైపు పొత్తికడుపు కింద రెండు తుంటి ఎముకలూ మెత్తని కీలుతో కలుస్తాయి. తుంటి ఎముకలో ఆ ముందు భాగాన్ని జఘనాస్థి అంటాం. మనం కూర్చున్నప్పుడు బరువు మోసే కింది భాగం ఆసనాస్థి.

పదేళ్ల పిల్లాడి వలయాన్నీ పదేళ్ల పిల్ల వలయాన్నీ పక్కపక్కన పెడితే నమ్మకంగా వేరు చేయలేం. తేడా అంతా యుక్తవయసులోనే వస్తుంది. ఆ వయసులో ఆడపిల్ల శరీరంలో ఈస్ట్రోజెన్ పెరిగేకొద్దీ జఘనాస్థి పక్కకు పొడవుగా సాగుతుంది, దాంతో వలయం ముందు భాగం వెడల్పవుతుంది, జఘనాస్థుల కింద ఏర్పడే కమాను విచ్చుకుంటుంది. వెనక త్రికాస్థి పొట్టిగా, వెడల్పుగా ఉండి కాస్త వెనక్కి ఒరుగుతుంది. మగపిల్లాడిలో జఘనాస్థి అంతగా సాగదు. కండలు అంటుకునే గట్లు మందమవుతాయి, తొడ ఎముక తల కూర్చునే గిన్నె పెద్దదవుతుంది, వలయం ఎత్తుగా, ఇరుకుగా తయారవుతుంది.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆడపిల్ల ఎత్తు పెరగడం ఆగిపోయాక కూడా ఈ వలయం లోపలి దారి పెరుగుతూనే ఉంటుంది. 2016లో జ్యూరిక్ పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో ఆడవారి కటి వలయం 25 నుంచి 30 ఏళ్ల మధ్య కాన్పుకు అత్యంత అనువుగా ఉంటుందని తేలింది. మన జిల్లాల్లో పదహారేళ్ల పిల్ల పొడవుగా, ఏపుగా కనిపించగానే పెళ్లికి ఎదిగిందని అనేస్తారు. ఆ పిల్ల ఎత్తు పూర్తయి ఉండవచ్చు, బిడ్డ తల బయటికి రావలసిన దారి మాత్రం ఇంకా పూర్తి కాలేదు. అలాంటి పిల్లలు నొప్పులతో నలిగిపోవడం ప్రసూతి వార్డులో కళ్లారా చూశాను. ఈ ఒక్క విషయం మీ ఊళ్లో పదిమందికి చెప్పినా నాకు తృప్తి.

ఇక బావిలోని ఎముక. ఒక్క తుంటి ఎముక దొరికినా నేను మొదట చూసేది దాని వెనక అంచున ఉండే లోతైన గండిని. దాన్ని సయాటిక్ నాచ్ అంటారు. పిరుదుల నుంచి కాలిలోకి దిగే లావుపాటి నరం ఈ దారినే పోతుంది. ఆ గండిలో బొటనవేలు పెట్టి అటూ ఇటూ కదిపి చూస్తాం. మగవారి ఎముకలో వేలు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఆడవారి ఎముకలో వేలు ఆడేంత చోటుంటుంది. త్రికాస్థి వెనక్కి ఒరిగి ఉండడమే దానికి కారణం. ఈ గండి మందంగా, గట్టిగా ఉండే చోట ఉంది కాబట్టి కుక్కలు కొరికినా, నేలలో ఏళ్లు గడిచినా చాలావరకు మిగులుతుంది. అదే ముందువైపు జఘనాస్థి పలుచన, త్వరగా విరుగుతుంది, చెదలు తినేస్తాయి. ఉన్న చిక్కంతా ఇదే, ఎక్కువ నమ్మదగిన గుర్తులు ఆ పలుచని ముక్కలోనే ఉంటాయి.

1969లో ఫెనిస్ అనే అమెరికా పరిశోధకుడు జఘనాస్థిలో మూడు గుర్తులు చెప్పాడు. వాటిని ఈనాటికీ వాడుతున్నాం. ఎముకను ముందువైపు నుంచి చూస్తే ఆడవారిలో ఒక సన్నని గట్టు ఏటవాలుగా కిందికి, పక్కకు దిగుతుంది. మగవారిలో అది ఉండదు. ఉన్నా ఈ తీరున సాగదు. రెండోది, కీలు దిగువన లోపలి అంచు ఆడవారిలో లోపలికి వంగి ఉంటుంది, మగవారిలో తిన్నగానో ఉబ్బుగానో ఉంటుంది. మూడోది, అదే అంచును పక్కకు తిప్పి చూస్తే ఆడవారిలో కత్తి అంచులా సన్నగా, మగవారిలో వెడల్పుగా, చదునుగా ఉంటుంది. మొదటి గుర్తుకు నేను ఎక్కువ విలువిస్తాను, మూడోదానికి తక్కువ. ఈ మూడింటినీ కలిపి చూసి నూటికి 95కు పైగా సరిగా చెప్పగలిగానని ఫెనిస్ రాశాడు. మన వైద్య విద్యార్థులు చదివే లెక్క క్రోగ్‌మన్ అనే అమెరికా పరిశోధకుడిది. కటి వలయం ఒక్కటే ఉంటే 95 శాతం, పుర్రె ఒక్కటే ఉంటే 90, రెండూ ఉంటే 98. తొడ ఎముకలాంటి పొడవాటి ఎముకలు మాత్రమే ఉంటే అది 80కి పడిపోతుంది.

అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక కేసు చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గుర్తుపట్టే వివరాలు తీసేసి చెబుతున్నాను. ఎండాకాలం బావి పూడిక తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. పక్కనే చివికిన గొంగళి ముక్క ఉంది. ఆ ఊళ్లో గొర్రెలు కాసే ముసలాయన ఒకరు ఎప్పుడో కనిపించకుండా పోయారు. తొడ ఎముకలు చూస్తే లావుగా, బరువుగా, గట్లు తేలి ఉన్నాయి. అందరూ ఆయనవే అనుకున్నారు. మాకు వచ్చిన లేఖలోనూ వృద్ధ పురుషుడి అస్థికలనే రాశారు.

బల్ల మీద పరిచింది కుడి తుంటి ఎముక పూర్తిగా, ఎడమది జఘనాస్థి లేకుండా, త్రికాస్థి, రెండు తొడ ఎముకలు, కొన్ని పక్కటెముకలు, దవడ. తొడ ఎముక తల అడ్డుకొలత 43 మిల్లీమీటర్లు వచ్చింది. అది అటూ ఇటూ తేల్చని కొలత. కాబట్టి తొడ ఎముక లావును పక్కన పెట్టాను. ఇంకో కారణం కూడా ఉంది. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారి ఎముకలు బరువెక్కుతాయి, కండలూ కీళ్ల బంధనాలూ అంటుకునే చోట సున్నం పేరుకుని మొనలు తేలతాయి. అలాంటప్పుడు గరుకుతనం, బరువు చూసి మగ అని రాస్తే ఘోరంగా తప్పుతాం. ఆకారాన్ని, నిష్పత్తిని నమ్మాలి.

కుడి తుంటి ఎముకలో గండి వెడల్పుగా ఉంది, బొటనవేలు సులువుగా ఆడింది. ఎడమదానిలోనూ అంతే. జఘనాస్థి ముందు ఏటవాలు గట్టు స్పష్టంగా ఉంది, కింది అంచు లోపలికి వంగి ఉంది. తర్వాత నిష్పత్తి చూశాను. తొడ తల కూర్చునే గిన్నెలో తుంటి ఎముక మూడు భాగాలూ కలిసే బిందువు నుంచి జఘనాస్థి పొడవు 74 మిల్లీమీటర్లు, ఆసనాస్థి పొడవు 72. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణిస్తే సుమారు 103. పాఠ్యపుస్తకాల్లో ఈ సంఖ్య మగవారికి 73 నుంచి 94 వరకు, ఆడవారికి 91 నుంచి 115 వరకు ఉంటుంది. 91, 94 మధ్య వచ్చి ఉంటే దీన్ని వదిలేసేవాణ్ని. జనాలను బట్టి ఈ హద్దులు మారతాయి కాబట్టి ఇదొక్కటే చూసి ఎన్నడూ తేల్చకూడదు. ఇక్కడ గండి, గట్టు, వంపు, నిష్పత్తి నాలుగూ ఒకే మాట చెప్పాయి. స్త్రీ అని రాశాను.

వయసు కూడా ఇదే ఎముక చెప్పింది. తుంటి ఎముక పై అంచు పూర్తిగా అతుక్కుపోయి ఉంది, అంటే ఎదిగిన మనిషిది. జఘనాస్థి కీలు ముఖం మీద పడుచువయసులో అలల్లాంటి గట్లు ఉంటాయి. అవి క్రమంగా చదునవుతాయి, చుట్టూ అంచు కడుతుంది, ముసలితనంలో ఆ అంచు అరిగి గుంటలు పడుతుంది. ఈ ఎముకలో గట్లు పోయాయి, అంచు పూర్తయింది, ఇంకా అరగలేదు. 35 నుంచి 50 మధ్య అని రాశాను. అంతకన్నా ఇరుకైన లెక్క చెప్పమని పోలీసులు అడుగుతారు, చెప్పకూడదు.

నివేదిక వెళ్లాక పక్క మండలం నుంచి ఒక కుటుంబం వచ్చింది. నలభై దాటిన తల్లి రెండేళ్లుగా కనిపించడం లేదన్నారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. అప్పుడు దర్యాప్తు అధికారి ఒక ప్రశ్న వేశారు: "సార్, ఈ ఎముక చూసి ఆమె పిల్లల్ని కన్నదో లేదో చెప్పగలరా?" జఘనాస్థి వెనకవైపు, కీలుకు ఆనుకుని మూడు చిన్న గుంటలున్న మాట నిజమే. పాత పుస్తకాల్లో వీటిని కాన్పు గుర్తులన్నారు. కాన్పు సమయంలో కీలు బంధనాలు సాగి అక్కడ ఎముక గుంట పడుతుందని వాదన. కానీ తర్వాత పరిశీలనల్లో ఆ నమ్మకం నిలవలేదు. ఒక్క కాన్పూ లేని ఆడవారిలో గుంటలు కనిపించాయి, నలుగురైదుగురు పిల్లల తల్లుల్లో లేకుండా పోయాయి, అరుదుగా మగవారిలోనూ కనిపించాయి. తేల్చి చెప్పలేం అనే రాసిచ్చాను. ఆ గుంటలు చూసి ఇద్దరు పిల్లల తల్లి అని రాసి ఉంటే అది వినడానికి గొప్పగా ఉండేది, సాక్ష్యంగా మాత్రం పనికిరాదు. ఒకవేళ ఎముక వేరే మనిషిదైతే ఒక కుటుంబం ఎవరికో కర్మకాండ చేసుకునేది. దవడ పన్ను, తొడ ఎముక ముక్క డీఎన్ఏ పరీక్షకు పంపారు. కూతురి రక్తంతో సరిపోయింది.

మీ ఊళ్లో ఎప్పుడైనా ఇలా ఎముకలు కనిపిస్తే చేతితో తీయవద్దు, కడగవద్దు, పసుపూ సున్నమూ చల్లవద్దు. పోలీసులకు చెప్పి పంచనామా అయ్యేదాకా కదపకుండా ఉంచితే ఆ పలుచని జఘనాస్థి విరగకుండా మా దాకా వస్తుంది. కేసు తేలడం చాలాసార్లు ఆ ముక్క మీదే ఆధారపడుతుంది.

జరిగిపోయిన కాన్పు గురించే ఎముక నోరు విప్పనప్పుడు, జరగబోయే కాన్పు గురించి చెల్లెమ్మ ఎత్తు చూసి చుట్టాలు ఎలా చెప్పగలరు?

ఆ వలయంలోంచి బిడ్డ తల ఎలా దిగుతుందో చూడండి. పైన ప్రవేశ ద్వారం పక్క నుంచి పక్కకు సుమారు 13 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి సుమారు 11. బిడ్డ తల ముందూ వెనకా పొడవు కాబట్టి పక్కకు చూస్తూ దిగుతుంది. మధ్యలో రెండు వైపులా ఆసనాస్థి మొనలు లోపలికి పొడుచుకొస్తాయి, వాటి మధ్య దూరం 10 నుంచి 10.5 సెంటీమీటర్లే. దారంతటిలో ఇదే ఇరుకు. ఇక్కడ బిడ్డ తల తిరిగి తల్లి వెన్ను వైపు ముఖం పెట్టాలి, ఎందుకంటే కింది ద్వారంలో ముందూ వెనకా చోటు ఎక్కువ. గడ్డం గుండెకు ఆనించి బాగా వంచిన నిండు నెలల బిడ్డ తల 9.5 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే అంతా సవ్యంగా జరిగినా మిగిలే సందు అర నుంచి ఒక సెంటీమీటరు మాత్రమే. గడ్డం వంచకుండా తల నిటారుగా ఉంటే అదే తల కొలత 11.5 అవుతుంది, అప్పుడు మంచి విశాలమైన వలయం కూడా ఇరుకవుతుంది.

చివర్లో తల జఘనాస్థి కమాను కిందికి వచ్చి, మెడ అక్కడ ఆనుకుని, పైకి లేస్తూ బయటపడుతుంది. ఆడవారిలో ఆ కమాను 80, 90 డిగ్రీలు విచ్చుకుని ఉంటుంది, తల దానికి దగ్గరగా ఒదుగుతుంది. మగవారి తరహాలో 60, 70 డిగ్రీలే ఉంటే తల ఆ కొన సందులో ఒదగలేక వెనక్కి జరుగుతుంది, కింద కండలు ఎక్కువ చిరుగుతాయి. బావి ఎముకలో నేను చూసిన వంపు ఈ కమాను అంచే, ఆ గండీ ఈ దారి వెనక ఉండేదే. గండి వెడల్పుగా ఉంటే తలకు వెనక చోటు దొరుకుతుంది.

ఆడవారందరి వలయాలూ ఒకేలా ఉండవు. 1933లో కాల్డ్‌వెల్, మొలాయ్ అనే వైద్యులు వీటిని నాలుగు తరహాలుగా విడదీశారు. అందులో ఒకటి మగవారి వలయాన్ని పోలినది. దానిలో ఆసనాస్థి మొనలు బాగా పొడుచుకొచ్చి, బిడ్డ తల పక్కకు తిరిగినచోటే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. నిజానికి చాలామందిది రెండు మూడు తరహాల కలయిక. అందుకే ఆ పేర్లు పట్టుకుని కాన్పు భవిష్యత్తు చెప్పడం నాకు నచ్చదు.

నెలలు నిండాక, లేదా నొప్పులు మొదలయ్యాక డాక్టరు చేత్తో పరీక్షించినప్పుడు త్రికాస్థి పై అంచు మధ్య వేలికి అందుతుందో లేదో చూస్తారు. అందకపోతే మంచిది, పైద్వారం చాలినంత ఉందని అర్థం. తర్వాత ఆసనాస్థి మొనలు తడుముతారు, మొనకూ త్రికాస్థికీ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయా, కమాను కింద రెండు వేళ్లు పడుతున్నాయా చూస్తారు. చివరగా పిడికిలి బిగించి కూర్చునే ఎముకల మధ్య ఆనిస్తారు. నాలుగు కణుపులు పడితే కింది ద్వారం చాలు. ఇంత చూసినా ఇవన్నీ ఎముక సంగతులే. అవతల బిడ్డ తల ఎంత, వంగి ఉందా, నొప్పులు ఎంత బలంగా వస్తున్నాయి అన్నవి ఎముకలో ఉండవు. బిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కాబట్టి ఒకదాని మీదకు ఒకటి జరిగి తల కొంచెం సన్నబడుతుంది. తల్లి వలయం కీళ్లు కూడా చివరి నెలల్లో కాస్త వదులవుతాయి. ఈ సర్దుబాట్లన్నీ నొప్పులు వచ్చాకే కనిపిస్తాయి. ఒకప్పుడు ఎక్స్‌రే తీసి వలయాన్ని కొలిచేవారు. తల కిందికి ఉన్న మామూలు కాన్పుల్లో దానివల్ల లాభం లేదని, ఆపరేషన్లు మాత్రం పెరిగాయని తేలి ఆ పద్ధతి వదిలేశారు.

మీ చెల్లి ఎత్తు సుమారు 147 సెంటీమీటర్లు. 140 కన్నా తక్కువ ఉంటే మన ఆరోగ్య శాఖ కార్డులోనే జాగ్రత్తపడాల్సిన కేసుగా గుర్తు పెడతారు. మీ చెల్లి ఆ లెక్కలోకి రాదు. పొట్టి తల్లికి చాలాసార్లు బిడ్డ కూడా చిన్నదే ఉంటుంది. అలాగని పూర్తిగా నిశ్చింతగా ఉండమనను. ఆమెకు చిన్నప్పుడు కాళ్లు వంకరపోయే జబ్బు వచ్చిందా, పోలియో వల్ల కుంటుతోందా, నడుము విరిగిందా, మీ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై నడుము బిగుసుకుందా, పదిహేడు పద్దెనిమిదేళ్లకే గర్భం వచ్చిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇప్పుడే డాక్టరుకు చెప్పండి, వలయం ఆకారమే మారి ఉండవచ్చు.

తొలి కాన్పైతే నెలలు నిండేనాటికి బిడ్డ తల కిందికి దిగిందా అని అడగండి. దిగితే పైద్వారం దాటిందని అర్థం, సగం భయం తీరినట్టే. దిగకపోయినా ఆపరేషన్ అని కాదు, చాలామందికి నొప్పులు మొదలయ్యాకే దిగుతుంది. కానీ అలాంటప్పుడు ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు చేయించాలి. కళ్యాణదుర్గం నుంచి అనంతపురం దాకా నొప్పులతో ప్రయాణం పెట్టుకోకుండా ముందే చేరడం మంచిది. అక్కడ నాలుగు గంటలకోసారి గర్భాశయ ముఖద్వారం ఎంత విచ్చుకుంది, తల ఎంత దిగింది అని చార్టులో గుర్తిస్తారు. నొప్పులు బలంగా వస్తున్నా గంటల తరబడి ఆ గీత ముందుకు సాగకపోతే, బిడ్డ తల మీద వాపు పెరుగుతూ పుర్రె ఎముకలు ఒకదాని మీద ఒకటి గట్టిగా ఎక్కి విడిపోకుండా ఉంటే, అప్పుడు దారి చాలడం లేదని డాక్టరు చెబుతారు. ఆ మాట విన్నాక ఆలస్యం చేయకండి, ఇంకో గంట చూద్దామని బతిమాలకండి. ఆ చార్టు అలా చెప్పేదాకా మాత్రం మీ చెల్లి ముందు చుట్టాలను ఆపరేషన్ మాట ఎత్తనివ్వకండి.